‘పేరుపేరునా’ అన్నావు, ఒక్క పేరూ లేదు

ప్రశ్న: మేడం, నమస్తే. ఇంటర్ బైపీసీలో నాకు 1000కి 962 మార్కులు వచ్చాయి. మా ప్రభుత్వ జూనియర్ కాలేజీలో నేనే ఫస్ట్. అందరికీ థ్యాంక్స్ చెబుతూ పోస్టు పెడదామని ఇలా రాసుకున్నాను: “నా ఈ అపూర్వ విజయానికి వెన్నుదన్నుగా నిలిచిన పూజ్యులైన నా తల్లిదండ్రులకు, విద్యాబుద్ధులు నేర్పిన గురుదేవులకు, ప్రోత్సహించిన బంధుమిత్రులకు, శ్రేయోభిలాషులకు పేరుపేరునా హృదయపూర్వక ధన్యవాదాలు. మీ ఆశీస్సులు ఎల్లప్పుడూ ఇలాగే ఉండాలని కోరుకుంటున్నాను.” మా అన్న చదివి “ఫ్లెక్సీ మీద రాసినట్టుంది” అన్నాడు. నేను మనసులో ఉన్నదే రాశాను మేడం. అయినా కాపీ కొట్టినట్టు ఎందుకుంది? ఎలా మార్చాలి?
– ఒక విద్యార్థిని, జగిత్యాల జిల్లా

సమాధానం: మీ అన్న మాటకు నొచ్చుకోకు బిడ్డా. ఆయన నీ మనసును తప్పుపట్టలేదు, మాటలనే పట్టుకున్నాడు. నువ్వు రాసిన దాంట్లో “విజయానికి” ముందున్న “అపూర్వ” తీసేసి, సర్పంచిగా గెలిచిన మనిషి ఫొటో కింద పెట్టి చూడు. “గురుదేవులకు” బదులు “పెద్దలకు” అంటే చాలు, అక్కడ కూడా చక్కగా అతుకుతుంది. కొత్త షాపు తెరిచినప్పుడూ అతుకుతుంది. నీది కాని చోట కూడా అంత బాగా అతికే మాట నీదని ఎవరికీ అనిపించదు. అందులో అన్నిటికన్నా గమనించాల్సింది “పేరుపేరునా” అన్న మాట. ఆ మాట ఉంది, పేరు మాత్రం ఒక్కటీ లేదు. అమ్మ పేరు లేదు, సార్ పేరు లేదు, ఏ సబ్జెక్టు సారో కూడా లేదు.

ఇంకో కారణం మన భాషలోనే ఉంది. మన ఇళ్లలో అమ్మకు ధన్యవాదాలు చెప్పే అలవాటు లేదు. అన్నం పెట్టిన అమ్మతో “ధన్యవాదాలు అమ్మా” అంటే ఆమె నవ్వుతుంది, లేకపోతే ఒంట్లో బాగాలేదా అని నుదురు పట్టుకుని చూస్తుంది. ధన్యవాదాలు, కృతజ్ఞతలు సభల్లో మైకు ముందు పుట్టి పెరిగిన మాటలు. వాటిని తెచ్చి ఇంట్లోవాళ్ల మీద పెడితే ఇల్లు కాస్తా సభ అయిపోతుంది. మరి మనవాళ్లు ఇంట్లోవాళ్లకు థ్యాంక్స్ ఎలా చెబుతారంటే, వాళ్లకు చెప్పరు, పక్కవాళ్లకు చెబుతారు. “మా అమ్మ నా కోసం ఏం చేసిందో తెలుసా” అని నలుగురిలో అంటారు. అమ్మ పక్కన కూర్చుని, వినీ విననట్టు పని చేసుకుంటూ ఉంటుంది. నీ పోస్టు కూడా అలాగే ఉండాలి. అమ్మను ఉద్దేశించి కాదు, అమ్మ గురించి, అమ్మ వింటుండగా పక్కవాళ్లకు చెబుతున్నట్టు రాయి.

ఏం చెప్పాలన్నది తేలాలనే పోయిన వారం నీకు మెసేజ్ పెట్టి ప్రశ్నలు అడిగాను. నీ అనుమతితో ఆ సంగతి ఇక్కడ రాస్తున్నాను. ఎందుకంటే మిగతా పిల్లలకు పనికొచ్చేది అదే. అమ్మ ఏం చేసిందని అడిగితే మొదట “అమ్మ చాలా కష్టపడింది మేడం” అని రాశావు. అది నిజమే. కానీ అందరి అమ్మలూ చాలా కష్టపడతారు. దాంతో నాకేమీ కనిపించలేదు. అందుకే ప్రశ్న మార్చి, రాత్రి నువ్వు చదువుతుంటే అమ్మ ఎక్కడ కూర్చునేదని అడిగాను. అప్పుడు వచ్చింది అసలు జవాబు. అమ్మ బీడీలు చేస్తుంది. తునికాకు కత్తిరించే పని రాత్రి పెట్టుకుంటే కత్తెర చప్పుడుకు నీకు చదువు సాగదని, ఆ పనంతా పగటిపూటే ముగించుకునేది. చప్పుడు లేని పని, అంటే తంబాకు పోసి చుట్టి దారం కట్టడం, రాత్రికి ఉంచుకునేది. చాట ఒళ్లో పెట్టుకుని నీ పక్కనే కూర్చునేది. నువ్వు పుస్తకం మూసే దాకా లేచేది కాదు.

ఇది చదివినప్పుడు నేను ఫోన్ పక్కన పెట్టి కాసేపు ఊరుకున్నాను. “వెన్నుదన్నుగా నిలిచిన” అన్న మాట చెప్పలేనిది ఆ కత్తెర చెప్పింది. మార్పంతా ఆ ప్రశ్నలోనే ఉంది. “ఎంత సాయం చేశారు” అని నిన్ను నువ్వు అడిగితే “చాలా” అనే వస్తుంది. ఎక్కడ కూర్చున్నారు, చేతిలో ఏముంది, ఎన్ని గంటలకు, ఏమన్నారు అని అడిగితే నిజం బయటికొస్తుంది.

తర్వాత నువ్వు ఆ సంగతే పెట్టి రెండోసారి రాసి పంపావు: “తన జీవితాన్నే తునికాకులా కత్తిరించుకుని నా భవిష్యత్తును చుట్టిన త్యాగమూర్తి మా అమ్మ.” ఇది మొదటిదానికన్నా ఎక్కువ ప్రమాదం. మొదటిది ఫ్లెక్సీ అయితే ఇది సినిమా డైలాగు. దొరికిన నిజాన్ని మళ్లీ అలంకారంలో ముంచేశావు. చదివేవాడు అమ్మను చూడడు, నీ పోలికను చూస్తాడు. అమ్మకు కూడా ఇది నచ్చదు. ఆమె తన జీవితాన్ని ఏమీ కత్తిరించుకోలేదు, ఆకు కత్తిరించింది. అది కూడా ఏ వేళకు కత్తిరించాలో నీ కోసం ఆలోచించి కత్తిరించింది. జరిగింది జరిగినట్టు చెప్పు, చాలు. “త్యాగమూర్తి” అన్న మాట చదివేవాళ్లకే తోచాలి, నువ్వు రాయకూడదు.

వావివరసలు, క్రియాపదాల దగ్గర కూడా ఒక జాగ్రత్త. ఇంట్లో “బాపు” అని పిలిచే మనిషిని పోస్టులో “పూజ్యులైన నా తల్లిదండ్రులకు” అని కలిపేశావు. ఆ మాట చదివితే ఆయనకే ఎవరినో అన్నట్టుంటుంది. బాపు అనే రాయి. అమ్మ “చేశారు” కాదు, “చేసింది” అను. ఇంట్లో అలాగే అంటావు కదా. దానివల్ల గౌరవం తగ్గదు. బాపు మాటలు రాసేటప్పుడు ఆయన “పెట్టుకున్నవా” అంటే అలాగే రాయి, “పెట్టుకున్నావా” అని దిద్దొద్దు. మేడం, సార్ల దగ్గర మాత్రం “చెప్పారు, కూర్చోబెట్టారు” అనే ఉండాలి. కాలేజీలో వాళ్లతో అలాగే మాట్లాడతావు. రెండు చోట్లా సూత్రం ఒక్కటే, నోటితో ఎలా అంటావో అలా రాయడం.

ఇక టీచర్ల సంగతి. వాళ్ల విషయంలో అందరూ చేసే పొరపాటు, వాళ్ల మంచితనాన్ని పొగడడం. టీచరుకు తన మంచితనం కన్నా తన పాఠం ముఖ్యం. తను చెప్పిన ఫలానా మాట ఫలానా చోట పనికొచ్చిందని తెలిస్తే కలిగే తృప్తి వేరు. నేను ముప్పై ఏళ్లు తెలుగు చెప్పాను. పిల్లలు నా గురించి రాసిన పొగడ్తలు ఒక్కటీ గుర్తు లేవు. “మీరు చెప్పాక ఛందస్సులో గణాలు తప్పలేదు మేడం” అని ఒకమ్మాయి బస్టాండులో అన్న మాట మాత్రం ఈరోజుకీ గుర్తుంది. అందుకే నిన్ను “ఏ టీచరు మంచివారు” అని అడగలేదు. ఏ ప్రశ్న దగ్గర ఎవరు నీ చేయి పట్టుకున్నారని అడిగాను.

నువ్వు జువాలజీ మేడం గురించి చెప్పావు. సెకండియర్‌లో గుండె నిర్మాణం ఎనిమిది మార్కుల ప్రశ్న. నీకు బొమ్మలంటే ఇష్టం. షేడింగులు దిద్దుతూ గుండె బొమ్మ ఒక్కదానికే పదిహేను నిమిషాలు పెట్టేదానివి. ప్రీ-ఫైనల్లో ఆ బొమ్మ అందంగా వచ్చింది, ఆఖరి రెండు ప్రశ్నలు మిగిలిపోయాయి. మేడం తిట్టలేదు. లంచ్ టైంలో స్టాఫ్ రూమ్‌కు పిలిచి, చేతి గడియారం తీసి బల్ల మీద పెట్టారు. “షేడింగ్ వద్దు. ముందు నాలుగు గదులు, తర్వాత కవాటాలు, ఆఖర్న పేర్లు. ఐదు నిమిషాలు” అన్నారు. వారం రోజులు అలాగే వేయించారు. ఆఖరికి పరీక్షలో గుండె బొమ్మ రానే లేదు, మూత్రపిండం వచ్చింది. కానీ అప్పటికి నీ చేతికి వేగం వచ్చేసింది, పేపరంతా రాశాక పది నిమిషాలు మిగిలాయి.

“గుండె బొమ్మ రాలేదు కాబట్టి అది రాస్తే బాగుండదేమో మేడం” అన్నావు. కాదు, ఆ రాకపోవడమే రాయాలి. అన్నీ అచ్చు గుద్దినట్టు కలిసొచ్చే కథ కల్పించినట్టుంటుంది. నేర్చుకున్నది ఒకటి, పరీక్షలో వచ్చింది ఇంకొకటి, అయినా నేర్చుకున్నదే పనికొచ్చింది. నిజంగా చదివిన పిల్లలందరికీ ఇది తెలిసిన అనుభవమే. “విద్యాబుద్ధులు నేర్పిన గురుదేవులు” అంటే మేడం లైక్ కొట్టి ఊరుకుంటారు. ఆ గడియారం సంగతి రాస్తే స్టాఫ్ రూమ్‌లో అందరికీ చూపిస్తారు.

బాపు మస్కట్‌లో ఉన్నాడన్నావు. పరీక్ష ఉన్న ప్రతి రోజూ డ్యూటీకి పోయే ముందు ఫోన్ చేశాడు. ఇక్కడ ఉదయం ఆరు అయితే అక్కడ నాలుగున్నర. మాట్లాడింది ఒక్క నిమిషమే. “తిన్నవా? హాల్ టికెట్ పెట్టుకున్నవా? రెండు పెన్నులు పెట్టుకున్నవా?” అంతే. నువ్వు మొదట దీన్ని వదిలేశావు, చిన్న విషయమని. దీన్ని మించిన వాక్యం నీ దగ్గర ఇంకొకటి లేదు. టైం పక్కన టైం పెట్టి రాయి, ఇక్కడ ఆరు, అక్కడ నాలుగున్నర అని. “ఎంత దూరంలో ఉన్నా నా బాగోగులు చూసుకున్నాడు” అన్న వాక్యం అవసరమే పడదు.

ఆ తర్వాత నువ్వు చెప్పిన ఇంకో సంగతి దగ్గర మాత్రం ఆగాలి. బాపు అప్పు చేసి మస్కట్ పోయాడని, అది ఇంకా తీరలేదని, అదీ రాయాలనుకుంటున్నానని అన్నావు. నీ ఉద్దేశం మంచిదే. కానీ ఆ అప్పు నీది కాదు, ఆయనది. నీ పోస్టు మీ ఊరంతా చూస్తుంది, అప్పిచ్చినవాళ్లూ చూస్తారు, రేపు సంబంధాలు చూసేవాళ్లూ చూస్తారు. నా జీవితంలో ఇలాంటిదే జరిగింది. డిగ్రీ అయ్యాక కాలేజీ పత్రికలో మా మేనమామ గురించి రాశాను. మూడేళ్లు నా ఫీజు ఆయనే కట్టాడని, అత్తకు కూడా తెలియకుండా కట్టాడని ఎంతో ప్రేమగా రాశాను. ఆ పత్రిక తిరిగి తిరిగి అత్త చేతిలో పడింది. మామయ్య నన్నేమీ అనలేదు. కానీ ఏడాది పాటు ఆ ఇంటి గడప తొక్కడానికి నాకు ముఖం చెల్లలేదు. థ్యాంక్స్ చెప్పాననుకుని ఆయన దాచుకున్నదాన్ని నలుగురిలో పరిచాను. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. డబ్బు, జబ్బు, ఆగిపోయిన చదువు, ఇంటి గొడవ, ఈ నాలుగింటిలో ఏది రాయాలన్నా ఆ మనిషిని ముందు అడగాలి. అడిగే ధైర్యం లేకపోతే రాయకూడదు.

మీ అన్న విషయంలో ఇదే చేయమన్నాను. “అన్న తన చదువు మానేసి నన్ను చదివించాడు” అని రాయబోయావు. ఆయన్ని అడిగితే “అది వద్దు, బండి మీద దింపిన సంగతి రాయి” అన్నాడన్నావు. చూశావా, తన గురించి ఏది చెప్పాలో ఆయనకు తెలుసు. చదువు ఆగిపోయిన మనిషిగా ఊళ్లో కనబడటం ఆయనకు ఇష్టం లేదు. చెల్లెల్ని పరీక్షకు తీసుకుపోయిన అన్నగా కనబడటం ఇష్టం. అదే రాద్దాం.

“మరి మిగతా సార్లు ఏమనుకుంటారు” అని నీకు టెన్షన్. ఆ టెన్షన్ వల్లనే అందరూ “గురువులకు, బంధుమిత్రులకు, శ్రేయోభిలాషులకు” అని గంపగుత్తగా రాసేస్తారు. ఎవరినీ వదలకూడదనుకుంటే చివరికి ఎవరూ కనిపించరు. పోస్టులో ముగ్గురు నలుగురే ఉండనీ. బోటనీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఇంగ్లీష్, తెలుగు సార్లను సబ్జెక్టు పేర్లతో ఒక్క వాక్యంలో చెప్పి, సోమవారం కాలేజీకి వచ్చి కలుస్తానని రాయి. రాసినట్టే మిఠాయి డబ్బా పట్టుకుని నిజంగా వెళ్లు. ల్యాబ్‌లో స్లైడ్లు సర్ది ఇచ్చిన అటెండర్‌ను మరిచిపోవద్దు. ప్రాక్టికల్స్ నాలుగూ కలిపి 120 మార్కులు, ఆ రోజుల్లో ఆయన ఎంత హైరానా పడ్డాడో నీకే తెలుసు. చుట్టాలకు ఫోన్ చేసి చెప్పు. పెద్దమ్మ పోస్టు చూసి కాదు, నీ గొంతు విని సంతోషిస్తుంది.

మార్కులు మొదటి వాక్యంలో ఒక్కసారి చెప్పు. “అపూర్వ” వద్దు, “కాలేజీ ఫస్ట్” కూడా నువ్వు చెప్పొద్దు, కాలేజీవాళ్లే చెబుతారు. అదే రోజు నీ క్లాసులో ఫెయిలైన పిల్లలు కూడా ఆ ఫోన్‌నే చూస్తుంటారు. మెమో ఫొటో పెట్టాలనిపిస్తే హాల్ టికెట్ నంబరు, ఇంట్లోవాళ్ల పేర్లు కనిపించకుండా కత్తిరించి పెట్టు. నన్నడిగితే మెమో కన్నా ఆ తునికాకు కత్తెర, చాట ఫొటో మేలు. అమ్మ ముఖం ఉండాలా వద్దా అన్నది అమ్మను అడుగు.

చివర్లో “ఆశీస్సులు ఎల్లప్పుడూ” అన్న వాక్యం పూర్తిగా తీసేయాలి. అది ఎలా ముగించాలో తెలియక పెట్టే వాక్యం. దాని బదులు ఇప్పుడు నువ్వేం చేస్తున్నావో చెప్పి ఆపెయ్. ఇవన్నీ కలిపి, నీ మాటల్లోనే, ఇలా కుదిర్చాను:

“ఇంటర్ బైపీసీలో నాకు 962 వచ్చాయి. ఈ రెండేళ్లూ మా అమ్మ తునికాకు పగలే కత్తిరించుకునేది. రాత్రి కత్తిరిస్తే కత్తెర చప్పుడుకు నాకు చదువు సాగదని. రాత్రి చాట పట్టుకుని నా పక్కన కూర్చుని బీడీలు చుట్టేది. నేను పుస్తకం మూసిన తర్వాతే లేచేది. పరీక్ష ఉన్న రోజు పొద్దున ఆరింటికి బాపు ఫోన్ వచ్చేది. అప్పుడు మస్కట్‌లో నాలుగున్నర. ‘తిన్నవా, హాల్ టికెట్ పెట్టుకున్నవా, రెండు పెన్నులు పెట్టుకున్నవా’ అని అడిగి డ్యూటీకి పోయేవాడు. అన్న నన్ను బండి మీద సెంటర్‌లో దింపి, గేటు మూసే దాకా అక్కడే నిలబడేవాడు.

గుండె బొమ్మకు నేను పదిహేను నిమిషాలు పెడుతున్నానని మా జువాలజీ మేడం గడియారం బల్ల మీద పెట్టి, వారం రోజులు నాతో ఐదు నిమిషాల్లో వేయించారు. పరీక్షలో గుండె రాలేదు మేడం, మూత్రపిండం వచ్చింది. అయినా పది నిమిషాలు మిగిలాయి. బోటనీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఇంగ్లీష్, తెలుగు సార్లను సోమవారం కాలేజీకి వచ్చి కలుస్తాను. ఇప్పుడు ఎప్‌సెట్‌కు చదువుతున్నాను. అమ్మ ఇంకా పక్కనే కూర్చుంటోంది.”

ఇందులో ధన్యవాదాలు అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు, గమనించావా? నీకు వెలితిగా అనిపిస్తే మేడం వాక్యం తర్వాత “థ్యాంక్యూ మేడం” అని చేర్చు. కాలేజీలో ఆ మాట అంటాం, కాబట్టి అక్కడ సహజంగానే ఉంటుంది. అమ్మ, బాపు దగ్గర మాత్రం వద్దు. “జువాలజీ మేడం” దగ్గర ఆమె పేరు పెట్టు. ఇంటిపేరు ఇనీషియల్ తప్పకుండా చూసుకో. లంచ్ టైంలో విడిగా నేర్పించిన సంగతి రాయొచ్చా అని ఆమెను ముందే అడుగు. ఒక్క పిల్లకే చెప్పారని ఇంకెవరైనా అనుకునే వీలుంది.

నా మాటల్లో నీకు పరాయిగా తగిలినవి ఉంటే మార్చేయి. ఎక్కడ మార్చాలో తెలియడానికి అమ్మ పని చేసుకుంటుండగా పక్కన కూర్చుని గట్టిగా చదువు. నీకు ఎక్కడ చదవడానికి సిగ్గేసి గొంతు తగ్గుతుందో చూడు. మాట మరీ పెద్దదైనా గొంతు తగ్గుతుంది, మరీ నిజమైనా తగ్గుతుంది. పెద్దదైతే అమ్మ పట్టించుకోదు, పని చేసుకుంటూనే ఉంటుంది, అది తీసెయ్. నిజమైతే ఆమె చేయి ఒక్క క్షణం ఆగుతుంది, దాన్ని కదపకు. “అదెందుకే రాసినవ్” అని అమ్మ నిజంగా అడిగితే మాత్రం వాదించకుండా తీసెయ్.

పోస్టు పెట్టే ముందు శుక్రవారం దాకా ఆగు. బాపుకు ఆ రోజు సెలవు. ఇదే నీ గొంతుతో చదివి వాయిస్ మెసేజ్ పంపు. ఊరంతా చూసి ఎవరో స్క్రీన్‌షాట్ పంపితే చూడటం కాదు, అందరికన్నా ముందు ఆయనే వినాలి. ఆయన సరే అన్నాక పోస్టు చెయ్.